రామప్ప గుడి ఎవరు కట్టారు?
(భాషాశాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ గుడి ఎవరు కట్టారని అడిగితే మన తెలుగువాళ్ల దగ్గర రెండు జవాబులు వస్తాయి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు అంటారు. రామప్ప అనే శిల్పి కట్టాడని, అందుకే గుడికి ఆయన పేరు వచ్చిందని కూడా అంటారు. ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి అడ్డం రావు. ఎందుకంటే ఒక వాక్యంలో ఉన్నది 'కట్టాడు', ఇంకో వాక్యంలో ఉన్నది 'కట్టించాడు'. ఇదే సంగతి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ఇద్దరికీ ఒకే 'బిల్ట్' సరిపోతుంది. షాజహాన్ తాజ్‌మహల్ 'కట్టాడు' అని ఇంగ్లీషు పుస్తకాల్లో రాస్తారు, ఎవరూ ఆయన చేతిలో తాపీ ఊహించుకోరు. తెలుగులో మాత్రం 'ఇంచు' లేకుండా ఆ మాట అంటే చెవికి తేడాగా తగులుతుంది.

ఆ చిన్న 'ఇంచు' చేసే పని గురించి, దానికి ఎదురుదిక్కున నడిచే 'బడు' గురించి ఇవాళ మాట్లాడాలనుకుంటున్నాను. ముఖ్యంగా ఒక ప్రశ్న పట్టుకుంటాను. ఈ రెండు మార్పుల్లోనూ వాక్యంలో ఎవరో ఒకరు తమ చోటు కోల్పోతారు. అలా చోటు పోయిన మనిషి ఎక్కడికి వెళ్తాడు?

మొదట లెక్క చూద్దాం. ఫ్రెంచి భాషావేత్త లూసియాఁ తెనియేర్ క్రియను అణువుతో పోల్చాడు. ఒక్కో మూలకానికి ఇన్ని బంధాలని ఉన్నట్టే ఒక్కో క్రియకూ ఇంతమంది భాగస్వాములు కావాలి. తెలుగు మీడియంలో రసాయనశాస్త్రం చదివినవాళ్లకు 'సంయోజకత' అనే మాట తెలుసు. క్రియ సంయోజకత కూడా అలాంటిదే. 'నవ్వు'కు ఒక్కరు చాలు, నవ్వేవాళ్లు. 'కట్టు'కు ఇద్దరు కావాలి, కట్టేవాళ్లు, కట్టబడేది. 'ఇచ్చు'కు ముగ్గురు. ఇప్పుడు 'నవ్వించు' అంటే ఒకటికి ఒకటి కలిసి రెండయింది. 'కట్టించు' అంటే మూడయింది. కట్టించేవాడు కొత్తగా వచ్చి కర్త కుర్చీలో కూర్చున్నాడు. అదే 'గుడి కట్టబడింది' అంటే రెండు కాస్తా ఒకటయింది. కట్టినవాడు కుర్చీ దిగిపోయాడు, గుడి వచ్చి కూర్చుంది. ప్రేరణార్థకం ఒకరిని కలుపుతుంది, కర్మణి ఒకరిని తీసేస్తుంది. అంతవరకు సులువు.

'నవ్వించు'లో తలనొప్పి లేదు. నవ్వేవాడు కర్త స్థానం వదిలి కర్మ స్థానంలోకి వెళ్తాడు: 'పాపను నవ్వించాడు'. ఆ చోటు ఖాళీగానే ఉంది. 'కట్టించు' దగ్గర చిక్కొస్తుంది. అక్కడ కర్మ స్థానంలో గుడి ముందే కూర్చుని ఉంది. మరి రామప్ప ఎక్కడికి పోవాలి?

బెర్నార్డ్ కామ్రీ అనే భాషావేత్త 1970ల్లో దీనికి ఒక నిచ్చెన గీశాడు. పై మెట్టు కర్త, తర్వాత కర్మ, తర్వాత 'కి' పుచ్చుకునే గ్రహీత, చివర మిగతా విభక్తులు. చోటు పోయినవాడు ఆ నిచ్చెన మీద ఖాళీగా ఉన్న వాటిలో అన్నిటికన్నా పై మెట్టులో దిగుతాడని ఆయన ఊహ. టర్కిష్ వంటి భాషల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. అక్కడ 'చావు'కు ప్రత్యయం చేరిస్తే చచ్చేవాడు కర్మ అవుతాడు. 'చంపు'కు మళ్లీ ప్రత్యయం చేరిస్తే చంపేవాడు 'కి' విభక్తిలోకి దిగుతాడు.

తెలుగులో పెట్టి చూడండి. 'అమ్మ పిల్లాడికి అన్నం తినిపించింది.' నిచ్చెన చెప్పినట్టే జరిగింది. కర్మ మెట్టు మీద అన్నం ఉంది కాబట్టి తినేవాడు 'కి' మెట్టుకు వచ్చాడు. సంతోషం. ఇప్పుడు 'రుద్రుడు రామప్పకి గుడి కట్టించాడు' అనండి. అర్థమే మారిపోయింది! రామప్ప కోసం గుడి కట్టించాడని అవుతుంది. మనకు కావలసిన అర్థం రావాలంటే 'రామప్పచేత కట్టించాడు' అనాలి, మాటల్లో అయితే 'రామప్పతో కట్టించాడు' అనాలి. 'కి' మెట్టు ఖాళీగానే ఉంది కదా, అయినా దాన్ని దాటుకుని ఇంకా కిందికి ఎందుకు దిగాడు?

దీనికి జవాబు వెతుకుతూ నేను కొత్త పుస్తకాల నుంచి చాలా పాత పుస్తకానికి వెళ్లాను. పాణిని అష్టాధ్యాయిలో మొదటి అధ్యాయం, నాలుగో పాదం, 52వ సూత్రం. చేయించేవాణ్ణి మన వైయాకరణులు ప్రయోజక కర్త అన్నారు, చేసేవాణ్ణి ప్రయోజ్య కర్త అన్నారు. ఈ సూత్రం ప్రయోజ్య కర్త గురించే. కదలిక, తెలుసుకోవడం, తినడం అనే అర్థాలున్న ధాతువులు, శబ్దం కర్మగా ఉన్నవి, ఇంకా అకర్మకాలు, వీటి ప్రేరణలో మాత్రమే చేసేవాడు కర్మ అవుతాడు. మిగతా చోట్ల తృతీయా విభక్తిలోకి పోతాడు. అంటే సంస్కృతంలో దేవదత్తుడికి అన్నం తినిపిస్తే 'దేవదత్తం', దేవదత్తుడిచేత అన్నం వండిస్తే 'దేవదత్తేన'. తర్వాతి సూత్రం హృ, కృ ధాతువులకు రెండు రకాలుగానూ ఉండొచ్చని అంటుంది.

పాణిని మెట్లు లెక్కపెట్టలేదు, క్రియ అర్థం చూశాడు. ఈ విషయం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. తినడం, తెలుసుకోవడం, వినడం, వీటిలో చేసేవాడు ఏదో ఒకటి పుచ్చుకుంటాడు. అన్నమో, చదువో, పాటో అతని లోపలికి వెళ్తుంది. పని పూర్తయ్యేసరికి మారేది అతనే. వండడంలో, కట్టడంలో మారేది బియ్యం, రాయి. వంటవాడు, మేస్త్రీ అక్కడ సాధనాలు. తెలుగులో విభక్తులు వేరు, కానీ గీత దాదాపు అక్కడే పడింది. తినిపించు, తాగించు, చూపించు, వినిపించు అంటే 'కి'. చేయించు, వండించు, రాయించు, కట్టించు అంటే 'చేత' లేదా 'తో'.

ఇది గుడ్డి నియమం కాదని చూపించే వాక్యం ఒకటుంది. 'అమ్మ పిల్లాడికి పప్పన్నం తినిపించింది' అంటే ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. 'అమ్మ పిల్లాడిచేత కాకరకాయ తినిపించింది' అంటే? చెయ్యి పిల్లాడిదే. అమ్మ పక్కన నిలబడి బతిమాలిందో, కళ్లెర్ర చేసిందో. క్రియ మారలేదు, ప్రత్యయం మారలేదు, 'కి' పోయి 'చేత' వచ్చింది, అంతే. తినేవాడు పుచ్చుకునేవాడి స్థానం నుంచి పనిచేసేవాడి స్థానానికి మారాడు.

ఇప్పుడు రెండో సంగతికి వస్తాను. 'తినిపించింది' అన్నది ప్రత్యయంతో వచ్చింది. 'తినేలా చేసింది' అన్నది రెండు మాటలతో వచ్చింది. రెండూ ప్రేరణలే. తేడా ఏమిటి? నోట్లో ముద్ద పెట్టి తినేలా చేసిందని ఎవరూ అనరు. కథ చెప్పి, ఆకలి పుట్టించి, టీవీ కట్టేసి తినేలా చేస్తారు. 'చంపాడు' అంటే చెయ్యి చేసుకున్నాడు. 'చచ్చేలా చేశాడు' అంటే మందులు అందకుండా చూసి ఉండొచ్చు. చేయించేవాడికీ జరిగిన పనికీ మధ్య దూరం పెరిగిన కొద్దీ మాటల మధ్య కూడా దూరం పెరుగుతుంది. కొరియన్ భాషలోనూ ఇంతే. అక్కడ 'మొగిదా' అంటే తినిపించడం, 'మొక్కె హదా' అంటే తినేలా చేయడం. 1970ల్లో మసయోషి షిబతాని కొరియన్, జపనీస్ వాక్యాలు పక్కపక్కన పెట్టి ఇలాంటి తేడాలను వివరంగా చర్చించాడు.

అర్థంలో దూరం ఉందని చెవికి తెలుస్తుంది సరే, వాక్య నిర్మాణంలో ఉందని ఎలా రుజువు చేయాలి? నేను విద్యార్థులకు మూడు పరీక్షలు చెబుతాను, ఏ భాషలోనైనా చేసి చూడొచ్చు.

ఒకటి, కాలం. 'నేను నిన్న ఫోన్ చేసి వాడు ఇవాళ వచ్చేలా చేశాను.' ఇబ్బంది లేదు. 'నేను నిన్న వాణ్ణి ఇవాళ రప్పించాను' అంటే వాక్యం కూలిపోతుంది. 'రప్పించు'లో ఒక్క కాలానికే చోటుంది. రెండు, నిషేధం. 'తినిపించలేదు' అని ఒక్కచోటే కాదనగలం. 'తినేలా చేయలేదు', 'తినకుండా చేసింది', కావాలంటే 'తినకుండా చేయలేదు', ఇలా రెండు చోట్లా కాదనగలం. 'తినకపించింది' అనే మాట తెలుగులో లేదు, రాదు. మూడు, 'తన'. 'రామప్ప తన ఇంట్లో బొమ్మ చెక్కేలా రుద్రుడు చేశాడు' అంటే ఆ ఇల్లు రామప్పదే అనిపిస్తుంది. 'రుద్రుడు రామప్పతో తన ఇంట్లో బొమ్మ చెక్కించాడు' అంటే ముందు రుద్రుడి ఇల్లే మనసులోకి వస్తుంది. ఎందుకంటే 'తన' ముందుగా కర్తను వెతుక్కుంటుంది. 'చెక్కించు' వాక్యంలో కర్త ఒక్కడే, 'చెక్కేలా చేశాడు'లో ఇద్దరు. ఈ మూడో పరీక్షలో కొందరి చెవి వేరేగా చెప్పొచ్చు, మొదటి రెండింటి మీద నాకు ఎక్కువ నమ్మకం.

ఈ పరీక్షలు ఎందుకు కావాలంటే, కంటికి కనిపించే మాటల లెక్క మనల్ని మోసం చేస్తుంది. ఫ్రెంచిలో ప్రేరణకు ప్రత్యయం లేదు. 'ఫేర్', అంటే 'చేయు' అనే క్రియ పక్కన ఇంకో క్రియ పెడతారు. చూస్తే మన 'తినేలా చేయు' లాగే రెండు మాటలు. కానీ ఆ రెండు క్రియల మధ్య చేసేవాడి పేరు పెట్టనివ్వరు. 'పిల్లలు' అనే మాట రెండు క్రియలూ అయిపోయాకే రావాలి. 'అతనికి', 'దాన్ని' వంటి చిన్న సర్వనామాలు అర్థంలో రెండో క్రియవే అయినా మొదటి క్రియకే వెళ్లి అతుక్కుంటాయి. అన్నిటికన్నా నాకు నచ్చింది, అక్కడ కూడా చోటు పోయిన మనిషికి రెండు దారులున్నాయి. 'కి' లాంటి 'ఆ' ఒకటి, 'చేత' లాంటి 'పార్' ఒకటి. పాల్ 'కి' కారు కడిగే పని పెట్టారంటే ఆ పని పాల్ మీద పడిందని ధ్వని. పాల్ 'చేత' కడిగించారంటే కారు శుభ్రమవడమే ముఖ్యం, పాల్ కాకపోతే ఇంకొకరు. మన కాకరకాయ వాక్యానికి ఇది దగ్గరి చుట్టం. అంటే ఫ్రెంచిలో పైకి రెండు మాటలు, లోపల ఒకే వాక్యం.

ఇక కర్మణి. బడిలో 'రాముడిచేత రావణుడు చంపబడెను' అని నేర్చుకుని ఉంటాం. ఇంట్లో ఎప్పుడైనా అలా అన్నామా? 'చంపబడు'లో ఉన్నది నిజానికి 'పడు' అనే క్రియే. బాధపడు, కష్టపడు అనేటప్పటి 'పడు'. 'చంప' అనే రూపం పక్కన చేరి, మొదటి అక్షరం మెత్తబడి 'బడు' అయింది. ఒకప్పటి రెండు మాటలు ఇప్పుడు ఒకటిగా నడుస్తున్నాయి. ప్రత్యయాలు చాలావరకు ఇలాగే పుడతాయి. హిందీలో ఆ పనికి 'జానా', అంటే 'వెళ్లు' అనే క్రియ ఇంకా విడిగానే నిలబడి ఉంది.

మామూలు తెలుగు చేసేవాణ్ణి దించడానికి 'బడు'ను వాడదు. ఊరికే చెప్పకుండా వదిలేస్తుంది: 'ఈ గుడిని 1213లో కట్టారు'. ఎవరు కట్టారు? ఎవరో. క్రియ చివర 'రు' ఉంది కాబట్టి మనుషులే కట్టారని తెలుసు, అంతే. గుడి కర్త కాలేదు, 'ని' పుచ్చుకుని కర్మగానే ఉంది. కాబట్టి ఇది కర్మణి ప్రయోగం కాదు, కానీ కర్మణి చేసే పని చేసిపెడుతుంది. దెబ్బ తగిలినవాడి వైపు నుంచి చెప్పాలనుకుంటే 'కొట్టబడ్డాడు' అనం, 'తన్నులు తిన్నాడు' అంటాం. తిట్టబడడు, తిట్లు తింటాడు. హిందీలో దెబ్బలు తింటారు, కొరియన్‌లో కూడా తిట్లు తింటారు. చూడండి, మళ్లీ తినడమే. పుచ్చుకునేవాడిని చూపించడానికి భాషలు ఆ క్రియ దగ్గరికే వస్తున్నాయి.

తెలుగు 'బడు'ను దూరం పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉందని నా అభిప్రాయం. మళ్లీ పాలంపేట వెళ్దాం. 'రుద్రుడిచేత గుడి కట్టించబడింది.' ఇలాంటి వాక్యాలు పర్యాటక బోర్డుల మీద మీరు చదివే ఉంటారు. ఇక్కడ 'చేత' ఎవరికి తగిలింది? కట్టించినవాడికి. కర్మణి వల్ల కుర్చీ దిగాడు కాబట్టి. 'గణపతిదేవుడు రుద్రుడిచేత గుడి కట్టించాడు' అంటే? అదే 'చేత' ఇప్పుడు పని పుచ్చుకున్నవాడికి తగిలింది. ప్రేరణ వల్ల కుర్చీ దిగాడు కాబట్టి. రెండు మార్పులూ ఒకేసారి జరిగి, ఇద్దరినీ చెప్పాలనుకుంటే 'రుద్రుడిచేత రామప్పచేత గుడి కట్టించబడింది' అనాలి. వ్యాకరణం తప్పేమీ లేదు, కానీ ఎవరు ఎవరితో కట్టించారో ఈ వాక్యం నుంచి తేలదు. ఒకరు కలిపేవారు, ఒకరు తీసేవారు అనుకున్న రెండు ప్రక్రియలూ దిగిపోయినవాణ్ణి ఒకే గుమ్మం గుండా పంపిస్తున్నాయి. అక్కడ ఒకరినొకరు ఒరుసుకుంటున్నారు. 'రామప్పతో' అని ఒకదాన్ని మారిస్తే చిక్కు విడిపోతుంది. మాటల తెలుగులో 'తో' అంత బలంగా ఉండడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

జపనీస్‌లో కూడా ఇలాగే ప్రేరణ మీద కర్మణి చేరుతుంది. 'తబేరు' తిను, 'తబేససేరు' తినిపించు, 'తబేససెరరేరు' తినిపించబడు, అంటే బలవంతాన తినాల్సి రావడం. ప్రత్యయాల వరుస మనలాగే. ప్రేరణ లోపల, కర్మణి బయట. అక్కడ ఇది పుస్తకాల మాట కాదు, చిన్నపిల్లలు కూడా ఫిర్యాదు చేయడానికి వాడతారు. ఇంకో వింత, జపనీస్‌లో 'వానచేత కురవబడ్డాను' అన్నట్టు కూడా అంటారు. కురవడానికి వాన ఒక్కటే చాలు. కర్మణి వచ్చి, తడిసినవాణ్ణి కొత్తగా తెచ్చి కర్తను చేసింది. కర్మణి అంటే ఎప్పుడూ తగ్గించేదే అన్న మన మొదటి లెక్క ఇక్కడ నిలవదు.

మనవైపు కూడా ఆ లెక్క తప్పే చోటుంది. 'నాన్న నాకు పాట వినిపించాడు.' ముగ్గురు ఉన్నారు, క్రియ నాన్నతో కలిసింది, శుద్ధమైన ప్రేరణ. 'దూరం నుంచి నాకు పాట వినిపించింది.' వినిపించినవాడు లేడు. క్రియ పాటతో కలిసింది. అర్థం చూస్తే 'వినబడింది' అనే. ఒకే 'వినిపించు' ఒక వాక్యంలో మనిషిని కలిపింది, ఇంకో వాక్యంలో కలపలేదు. 'అనిపించు' కూడా ఇంతే. 'వాడిచేత సరే అనిపించాను', 'నాకు అలా అనిపించింది'. మనకు పక్కపక్కనే ఉన్నాయి, రోజూ వాడుతున్నాం, గమనించం. కొరియన్‌లో 'బొయిదా' అనే ఒకే మాటకు కనిపించడం, చూపించడం రెండర్థాలూ ఉన్నాయి.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, నాకు సరైనదనిపించే వివరణ ఇది. పాటనే ప్రయోజక కర్త అనుకోండి. పాట తనను తాను నాచేత వినేలా చేసుకుంది. చేయించేదీ, వినబడేదీ ఒకటే అయిపోయాయి కాబట్టి కలిపిన ఒకటి మళ్లీ తీసివేతలో పోయింది. ఫ్రెంచిలో ఇదే 'ఫేర్' ముందు 'తనను' అనే సర్వనామం పెట్టి, కారు కిందపడ్డవాడి గురించి, దొంగతనానికి గురైనవాడి గురించి చెబుతారు. అతను కావాలని చేయించుకున్నాడని కాదు. ప్రేరణ రూపమే కర్మణి పని చేస్తోంది.

చివరగా ఒక్క మాటను విప్పి చూపిస్తాను. ఆఫీసు నోటీసుల్లో 'ఇందుమూలముగా తెలియజేయడమైనది' అని రాస్తారు కదా. 'తెలియు'తో మొదలుపెట్టండి. నాకు సంగతి తెలిసింది, భాగస్వాములు ఇద్దరు. 'తెలియజేయు' అంటే 'చేయు' అనే క్రియ చేరి తెలియజేసేవాణ్ణి తెచ్చింది, ముగ్గురయ్యారు. ఇది రెండు మాటలతో వచ్చిన ప్రేరణే, రాతలో ఒకటిగా కలిసిపోయింది. ఆ పైన 'అడమైనది' చేరింది. 'తెలియజేయడం' అనే నామవాచకం, దానికి 'అయినది'. ఇప్పుడు క్రియ ఆ 'తెలియజేయడం'తో కలిసింది, మనిషితో కాదు. ఇంత కష్టపడి తెచ్చిన మూడోవాడు వాక్యంలో ఎక్కడా లేడు. 'చేత' అనే గుమ్మం కూడా అతనికి తెరవలేదు. ఈసారి ఏదైనా నోటీసు బోర్డు ముందు నిలబడినప్పుడు 'ఫలానా అధికారిచేత తెలియజేయడమైనది' అని ఎక్కడైనా రాసి ఉందేమో చూడండి. దొరికితే ఫొటో తీసి తీసుకురండి, వచ్చే క్లాసు దానితోనే మొదలుపెడదాం.